ఓటీ లెక్కలో పాయింటు

తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్‌కి లెక్కలు రాస్తాను. శనివారం సాయంత్రమైతే మేస్త్రీ వారం హాజరు కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పడేస్తాడు. రాతి దుమ్ము, మడత గీతలు అన్నీ అందులోనే.

తంటా అంతా ఓవర్‌టైమ్, అదే ఓటీ గడిలోనే. 1.30 అంటే గంటన్నర, కానీ క్యాలిక్యులేటర్‌కు అది ఒకటీ పాయింట్ మూడు. ఒకాయనకి సోమవారం 1.30, మంగళవారం 2.30, శనివారం 1.30 ఉంది. అలాగే కూడితే 4.90 వస్తుంది. గంటలు 4, నిమిషాలు 90 అని విడిగా కూడితే ఐదున్నర గంటలు. అందుకే నేను ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడే 1.5, 2.5 అని మార్చేస్తా. 15 నిమిషాలుంటే .25, 45 ఉంటే .75.

మామూలు గంటలు వేరే కాలమ్. ఆయన నాలుగు రోజులు నిండుగా వచ్చాడు, శుక్రవారం సగం పూట, బుధవారం నాగా: 32కి 4 కలిపితే 36.

తర్వాత అడ్డంగా మనిషి మనిషికీ, నిలువుగా రోజు రోజుకీ కూడి చూస్తా. రెండు మొత్తాలూ కలిస్తే కూడికలో తప్పు లేనట్టే. అయితే 1ని 7 అని చదివి ఎక్కించినా అవి కలుస్తాయి! దానికి పక్కవాళ్ల గడులు చూడాలి. ఒకే కటింగ్ మిషన్ మీద ఉన్నవాళ్లందరికీ ఆరోజు ఒక గంట ఓటీ ఉండి, ఒక్కడికే ఏడు కనబడితే అనుమానమే. ఊహించి వేయను, ఆ గడి వరకే దగ్గరగా ఇంకో ఫోటో పెట్టమంటా. "ఏందన్నా, మళ్లీనా?" అంటాడు మేస్త్రీ. అయినా పెడతాడు.