ప్రాట్ ట్రస్‌లో డయాగొనల్ ఎప్పుడూ టెన్షనేనా? నాకు మార్కు పోయిన చోటు

ఏఈఈ, జేఈ పరీక్షలకు చదువుతున్న సివిల్ వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని చదివిన రోజుల్లో నా నోట్స్‌లో ఒక వాక్యం ఉండేది: "ప్రాట్‌లో డయాగొనల్స్ టెన్షన్, వర్టికల్స్ కంప్రెషన్. హోవ్‌లో దానికి తిరగేసి." ఒక మాక్ టెస్టులో బ్రిడ్జి మీద సగం దూరం మాత్రమే లోడ్ చూపించి, నడిమి డయాగొనల్‌లో ఏముందని అడిగారు. ఆలోచించకుండా టెన్షన్ అని పెట్టాను. తప్పు. ఆ సాయంత్రం కాగితం మీద మొత్తం వేసి చూస్తే తప్ప ఎందుకో అర్థం కాలేదు. మీరూ పక్కన బొమ్మ గీసుకుంటూ చదవండి.

24 మీటర్ల ప్రాట్ ట్రస్ తీసుకుందాం. 4 మీటర్ల ప్యానెళ్లు ఆరు, ఎత్తు 3 మీటర్లు, కాబట్టి డయాగొనల్ పొడవు 5 మీటర్లు. కింది జాయింట్లకు ఎడమ నుంచి 0 నుంచి 6 దాకా, వాటికి సరిగ్గా పైనున్న జాయింట్లకు 1 నుంచి 5 దాకా అంకెలు వేయండి. డయాగొనల్స్ పై నుంచి కిందికి, మధ్య వైపు దిగుతాయి. ముందుగా కింది 1 నుంచి 5 వరకు అన్ని జాయింట్ల మీదా తలా 60 కిలోన్యూటన్లు పెడదాం. రియాక్షన్లు చెరో 150.

ఇప్పుడు మూడో ప్యానెల్‌ను కోసి ఎడమ ముక్కను మాత్రమే చూడండి. పైకి 150, కిందికి 60, 60. మిగిలింది పైకి 30. టాప్ కార్డ్, బాటమ్ కార్డ్ రెండూ అడ్డంగా ఉన్నాయి కాబట్టి నిలువు బలాన్ని అవి ఆపలేవు. ఆ 30ని ఆపాల్సింది డయాగొనలే. అది పై 2 జాయింట్‌ను పట్టుకుని కింది 3 వైపు వెళ్తోంది. ముక్కను కిందికి లాగాలంటే జాయింట్‌ను తన వైపు లాగాలి. లాగితే టెన్షన్. విలువ 30 × 5/3 = 50 కిలోన్యూటన్లు. అంటే గుర్తు నిర్ణయించేది ట్రస్ పేరు కాదు, ఆ ప్యానెల్‌లోని షియర్ దిశ.

ఇప్పుడు లోడ్‌ను కింది 1, 2 జాయింట్ల మీద మాత్రమే ఉంచండి. రైలు ఎడమ నుంచి ఇప్పుడే ఎక్కింది అనుకోండి. ఎడమ రియాక్షన్ 60 × (5+4)/6 = 90. అదే ముక్కలో పైకి 90, కిందికి 120. మిగిలింది కిందికి 30. ఇప్పుడు డయాగొనల్ ముక్కను పైకి నెట్టాలి. నెడితే కంప్రెషన్, అదీ సరిగ్గా 50. నా మార్కు పోయింది ఇక్కడే.

లోడ్‌ను కుడి వైపు 3, 4, 5 మీద మాత్రమే పెడితే ఎడమ రియాక్షన్ 60, కోసిన ముక్కలో వేరే లోడ్ ఏమీ లేదు. డయాగొనల్‌లో 100 టెన్షన్ వస్తుంది. వంతెన నిండా లోడ్ ఉన్నప్పటి దానికి రెట్టింపు! "ఫుల్ లోడే ప్రమాదకరం" అన్నది కార్డ్‌లకు నిజం, నడిమి డయాగొనల్‌కు కాదు. లెక్క సరిచూసుకోవడానికి ఈ 100లోంచి ఇందాకటి 50 తీసేయండి, నిండు లోడ్‌లో వచ్చిన 50 టెన్షనే మిగులుతుంది.

నిజం వంతెనకు సొంత బరువు ఉంటుంది కదా. జాయింట్‌కు 30 చొప్పున అనుకుంటే, మూడో ప్యానెల్ డయాగొనల్‌లో ఎప్పుడూ 25 టెన్షన్ ఉంటుంది. లోడ్ 1, 2 మీదికి రాగానే 25 పోను ఇంకా 25 కంప్రెషన్ మిగులుతుంది. రెండో ప్యానెల్ డయాగొనల్‌లో సొంత బరువు వల్ల 75 టెన్షన్ ఉంటే, ఆ ప్యానెల్‌కు అన్నిటికన్నా చెడ్డ లోడింగ్ (1 మీద మాత్రమే 60) తెచ్చే కంప్రెషన్ 17 కూడా లేదు. అక్కడ గుర్తు మారదు. సన్నని టెన్షన్ కడ్డీ నొక్కుడు పడితే వంగిపోతుంది. అందుకే పాత ప్రాట్ వంతెనల్లో చాలాచోట్ల నడిమి ప్యానెళ్లలో మాత్రం ఎదురు డయాగొనల్ కూడా వేసి X ఆకారంలో వదిలారు. దాన్ని కౌంటర్ అంటారు.

వర్టికల్స్ విషయంలోనూ నా నోట్స్ వాక్యం సగమే నిజం. నిండు లోడ్‌లో పై 2, కింది 2 మధ్య వర్టికల్‌లో 30 కంప్రెషన్, సరే. కానీ కింది 1 దగ్గరున్నది ఆ జాయింట్ లోడ్‌ను వేలాడదీసే కడ్డీ, అందులో 60 టెన్షన్. నడిమి వర్టికల్ పైకొసలో రెండు అడ్డ మెంబర్లు తప్ప ఏమీ లేవు, బయటి లోడూ లేదు, కాబట్టి దానిలో సున్నా. అలాగని తీసేయకూడదు. టాప్ కార్డ్‌లో అక్కడ 360 కంప్రెషన్ ఉంది, ఆ వర్టికల్ లేకపోతే బక్లింగ్‌కు దాని పొడవు 4 మీటర్ల నుంచి 8 మీటర్లవుతుంది. లోడ్ కింది జాయింట్ల మీద కాకుండా పై జాయింట్ల మీద పడితే ఈ వర్టికల్స్ లెక్క మళ్లీ మారుతుంది. అందుకే బొమ్మలో బాణం ఏ జాయింట్ మీద ఉందో చూశాకే ఇప్పుడు నేను ఆప్షన్ల వైపు వెళ్తున్నాను.