బాపు రేడియో: 47 అనుకున్నది 470

మా బాపు పాత ట్రాన్సిస్టర్ రేడియో రెండు వారాల నుంచి నా బల్ల మీద విప్పే ఉంది. నాలుగు సెల్లులతో నడిచే సెట్టు. ఆన్ చేస్తే స్టేషన్ లీలగా వినపడుతుంది, వాల్యూమ్ కాస్త పెంచితే చాలు, మోటార్ పడవ పోతున్నట్టు బుక్ బుక్ బుక్ అని కొట్టుకుంటుంది. కొత్త సెల్లులు వేసి మీటర్ పెడితే 6.2 వోల్టులు చూపించింది. కాబట్టి సెల్లుల తప్పు కాదు. ఇలా కొట్టుకునే సెట్లలో ఎక్కువసార్లు దొరికే దొంగ, సప్లై లైన్ మీద ఉండే పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. అది ఏళ్ల తరబడి లోపల ఎండిపోతుంది. ఎండిపోతే స్పీకర్ కరెంటు లాగిన ప్రతిసారీ వోల్టేజ్ ఊగుతుంది, ఆ ఊపు వెనక్కి మొదటి ట్రాన్సిస్టర్ల దాకా పోయి మళ్లీ స్పీకర్‌లో మోగుతుంది.

ఈసారి ఫోన్‌లో ఏఐ వాయిస్ మోడ్ పెట్టుకుని పని చేశాను. ఒక చేతిలో సోల్డరింగ్ ఐరన్, ఇంకో చేతిలో ట్వీజర్ ఉన్నప్పుడు టైప్ చేయడం కుదరదు. నోటితో అడుగుతూ మధ్యలో బోర్డు ఫోటో పంపొచ్చు కదా అనుకున్నాను. పంపొచ్చు, కానీ దానికీ చేతివాటం కావాలి.

మొదటి ఆదివారం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోన్ మామూలు కెమెరా తెరిచి ఫోటో తీశాను. తిరిగి వచ్చేసరికి సంభాషణ తెగిపోయింది. నా ఫోన్‌లో యాప్ వెనక్కి పోతే మైక్ ఆగిపోతుంది. వాయిస్ స్క్రీన్‌లోనే ఉన్న కెమెరా గుర్తుతో తీస్తే తెగలేదు. ఇంకో సంగతి, నోటితో ఫోటో తీయమంటే నా ఫోన్‌లో తీయదు, బటన్ మనమే నొక్కాలి. అందుకే ఇప్పుడు ఐరన్‌ను స్టాండ్‌లో పెట్టి, మైక్ మ్యూట్ చేసి, అప్పుడు ఫోటో తీస్తున్నాను. మ్యూట్ ఎందుకంటే, వంటింట్లో మిక్సీ మోగితే దాన్ని కూడా నా మాటే అనుకుని సగం జవాబులో ఆగిపోతోంది.

యాస కూడా ఒకసారి దెబ్బ కొట్టింది. "గది పక్కన ఉన్నదేంది" అని అడిగాను, కెపాసిటర్ పక్కన ఉన్నది చూపిస్తూ. మన దగ్గర గది అంటే అది. ఏఐ మాత్రం ఇంటి గది అనుకుని గదుల గురించి మొదలుపెట్టింది. అమ్మ పక్క నుంచి "ఎవరితోరా ఆ ముచ్చట, బెడ్రూం గురించి?" అని అడిగింది. అప్పటి నుంచి గది, గిది మానేశాను. "ఫోటోలో ఎడమ వైపు నీలం రంగు డబ్బా" అని పేరు పెట్టి చెప్తున్నాను.

అసలు కథ బుధవారం రాత్రి. నీలం కెపాసిటర్ ఫోటో పంపి వెంటనే దాని విలువ అడిగాను. 47 అని జవాబు వచ్చింది. హనుమకొండ చౌరస్తా వైపు పోయినప్పుడు 47 మైక్రోఫారడ్ల కొత్తది తెచ్చి వేశాను. బుక్ బుక్ కొంచెం నెమ్మదించింది కానీ పోలేదు. ఇంకో అరగంట ట్రాన్సిస్టర్లను అనుమానిస్తూ కూర్చున్నాను.

చివరికి పీకేసిన పాత కెపాసిటర్‌ను వేళ్ల మధ్య తిప్పి చూశాను. అది గుండ్రటి డబ్బా, అక్షరాలు చుట్టూ తిరుగుతాయి. నా ఫోటోలో 4, 7 మాత్రమే కనిపించాయి. సున్నా వంపు తిరిగి అవతలి వైపు ఉంది. అసలు విలువ 470 మైక్రోఫారడ్లు, 10 వోల్టులు. ఫోటో స్పష్టంగానే ఉంది, ఏఐ చదివింది కూడా కనిపించినంత వరకు సరిగ్గానే ఉంది. సగం డబ్బా చూపించింది నేను. కానీ అది తడుముకోకుండా చెప్పేసరికి, నాకు అనుమానం రాలేదు. రాతలో వచ్చి ఉంటే ఒకసారి కళ్లజోడు పెట్టుకుని చూసేవాడినేమో.

రాత్రి సెషన్ ఆపాక మాటలన్నీ చాట్‌లో రాతగా కనిపించాయి. పైకి జరిపి చూస్తే ఇంకో సంగతి బయటపడింది. ఇంకో ఫోటో విషయంలో నా ప్రశ్న పైన ఉంది, ఫోటో కింద ఉంది. అంటే నేను అడిగే సమయానికి ఫోటో ఇంకా అప్‌లోడ్ అవుతూనే ఉంది, జవాబు అంతకుముందు ఫోటో చూసి వచ్చింది. మా ఇంటి వెనక గదిలో సిగ్నల్ అంతంత మాత్రమే, అందుకే ఆ ఆలస్యం.

దానికి ఒక చిన్న ఉపాయం పట్టాను. ప్రతి ఫోటోలో బోర్డు పక్కన ఒక చీటీ పెడుతున్నాను, మార్కర్‌తో పెద్దగా 1, 2, 3 అని. ఫోటో పంపాక మొదటి ప్రశ్న చీటీ మీద అంకె ఏమిటి అనే. సరైన అంకె చెబితేనే అసలు ప్రశ్నకు పోతాను. పాత అంకె చెబితే కొత్త ఫోటో చేరలేదని తెలిసిపోతుంది. మాట్లాడేటప్పుడు కూడా "చీటీ 3 లో" అని చెప్పడం అలవాటైంది, దాంతో ఏ ఫోటో అన్న గందరగోళం లేదు.

ఫోటో తీసే పద్ధతి కూడా మారింది. ముందు ఫోన్‌ను బోర్డుకు ఆనించినంత దగ్గర పెట్టేవాడిని, ఫోకస్ కుదరక అక్షరాలు అలుక్కుపోయేవి. ఇప్పుడు జానెడు పైన పట్టి, 2x జూమ్ చేస్తున్నాను. ఫ్లాష్ వేయను, మెరుపు సరిగ్గా అక్షరాల మీదే పడుతుంది. అమ్మ ఫోన్ టార్చ్‌ను పక్క నుంచి, కింది ఎత్తులో వేస్తే చాలు. ట్రాన్సిస్టర్ నల్లటి మొహం మీద మాసిపోయిన నంబర్‌కు సుద్దముక్క రుద్ది తుడిస్తే, గీతల్లో సుద్ద మిగిలి అంకెలు తెల్లగా తేలతాయి. లైవ్ వీడియో కూడా చూపించి చూశాను. ఎక్కడ వైరు ఊడిందో చూపించడానికి బాగుంది కానీ సన్న అక్షరాలకు మాత్రం ఆగి తీసిన ఫోటోయే మేలు.

రెసిస్టర్ రంగులకు మాత్రం ఫోటోను నమ్మడం మానేశాను. మా బల్ల మీద పసుపు లైటు. దాని కింద ఎరుపు, నారింజ, గోధుమ రంగులు ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉంటాయి. పసుపు, ఊదా తర్వాత ఎరుపైతే 4.7 కిలో ఓమ్, నారింజైతే 47 కిలో ఓమ్, గోధుమైతే 470 ఓమ్. ఒక్క పట్టీ తప్పితే పది రెట్లో, వంద రెట్లో తేడా. ఒక కాలు సోల్డర్ ఊడదీసి మీటర్ పెడితే అర నిమిషం పని. కాలు ఎత్తకుండా బోర్డు మీదే కొలిస్తే పక్క దారుల వల్ల తక్కువ చూపిస్తుంది, అది మళ్లీ ఇంకో తంటా.

నిన్న, రెండో ఆదివారం, 470 మైక్రోఫారడ్లు, 16 వోల్టులది వేశాను. వోల్టులు అసలు దాని కన్నా ఎక్కువ ఉంటే ఇబ్బంది లేదు, తక్కువ ఉండకూడదు. డబ్బా పక్కన చారల గీత ఉన్న కాలు మైనస్ వైపు. సోల్డర్ చేసే ముందు ఆ ఫోటో కూడా చీటీ 9 పెట్టి పంపాను, అయినా బోర్డు మీద ప్లస్ గుర్తును నా కళ్లతో రెండుసార్లు చూసుకున్నాను.

వాల్యూమ్ సగం దాకా తిప్పినా బుక్ బుక్ లేదు. మీడియం వేవ్‌లో ముల్లును 738 దగ్గరకు తెచ్చి, సెట్టును కాస్త అటూ ఇటూ తిప్పితే హైదరాబాద్ స్టేషన్ గట్టిగా పట్టింది. బాపు తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "సప్పుడు బానే ఉంది గానీ, గా గరగర ఏంది?" అన్నాడు.

అది వాల్యూమ్ కంట్రోల్ లోపలి దుమ్ము. దాన్ని విప్పడం వచ్చే ఆదివారం, చీటీ 10 నుంచి.