ఈఎఫ్‌ఎస్ క్రెడిట్లు ఖాళీ అయిన ఆదివారం: నా అనుభవం

నిన్న ఆదివారం పరీక్ష సాఫీగా జరిగింది. అంతకు ముందు ఆదివారం జరిగింది తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది. ఆ వేడి తగ్గకముందే రాసేస్తున్నాను.

మాదాపూర్‌లో మాది చిన్న కంపెనీ. ఎంట్రన్స్ పరీక్షలకు చదివే పిల్లలకు ఆన్‌లైన్‌లో మాక్ టెస్టులు పెడతాం. ఒకే వెబ్‌సైటును 12 సర్వర్లు నడుపుతాయి. ఏ సర్వర్ నుంచి అడిగినా అదే ఫైలు దొరకాలి కాబట్టి, అన్నిటికీ కలిపి ఏడబ్ల్యూఎస్‌లో ఒకే షేర్డ్ ఫైల్ సిస్టమ్, ఈఎఫ్‌ఎస్ వాడుతున్నాం. దాన్ని పెట్టడం తేలిక. ఫైల్ సిస్టమ్ తయారుచేసి, ప్రతి జోన్‌లో మౌంట్ టార్గెట్ పెట్టి, ఈఎఫ్‌ఎస్ వాడే ఎన్‌ఎఫ్‌ఎస్ ప్రోటోకాల్ కోసం 2049 పోర్టు తెరిచి, మౌంట్ చేశాం. ఒక పూటలో అయిపోయింది. రెండేళ్లు దాని వైపు చూసే అవసరమే రాలేదు.

పోయిన నెల ఖర్చు తగ్గించాలని పైవాళ్లు గచ్చిబౌలి నుంచి ఒక కన్సల్టెంట్‌ను పిలిపించారు. ఈఎఫ్‌ఎస్‌లో మాకు 600 జీబీ డేటా ఉంది. అందులో చాలా భాగం పాత సంవత్సరాల పేపర్లు, ఎవరూ తెరవనివి. 30 రోజులుగా ఎవరూ చదవని ఫైళ్లు వాటంతట అవే చవకైన ఐఏ స్టోరేజీకి వెళ్లేలా లైఫ్‌సైకిల్ పాలసీ పెడదామన్నాడు. ఆ ఆలోచనలో తప్పు లేదు, నేనూ సరే అన్నాను. మంగళవారం రాత్రికల్లా స్టాండర్డ్ స్టోరేజీలో 40 జీబీ మిగిలింది, మిగతాదంతా ఐఏకి వెళ్లిపోయింది. ఇంత ఆదా అవుతుందని మీటింగులో ఆయన గ్రాఫ్ చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు.

ఆదివారం ఉదయం 9 గంటలకు టెస్ట్. 4,000 మంది పిల్లలు. ప్రశ్నల వరుస మార్చి, ఎవరి పేపర్ వాళ్లకు వేరుగా తయారుచేస్తాం, ఒక్కొక్కటి దాదాపు 5 ఎంబీ. ప్రతి సోమవారం పాత సెట్ చెరిపేసి కొత్త సెట్ ఈఎఫ్‌ఎస్‌లో రాస్తాం. మామూలుగా 9 కొట్టిన రెండు నిమిషాల్లో పేపర్లన్నీ పిల్లల చేతికి అందుతాయి. ఆ రోజు 9:10కి కూడా సగం మందికి పైగా తెల్ల స్క్రీనే.

సర్వర్‌లోకి వెళ్లి చూస్తే అర్థంకాని పరిస్థితి. సీపీయూ 5 శాతం, లోడ్ యావరేజ్ మాత్రం 90 దాటింది. ప్రాసెస్‌లన్నీ `D` స్టేట్‌లో, అంటే ఫైల్ సిస్టమ్ జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాయి. డేటాబేస్ బాగుంది, నెట్‌వర్క్ బాగుంది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. మౌంట్ `hard` ఆప్షన్‌తో ఉంది కాబట్టి ఎన్‌ఎఫ్‌ఎస్ జవాబు ఆలస్యమైతే ప్రోగ్రామ్‌కు ఎర్రర్ రాదు, అలాగే వేచి ఉంటుంది. అది అప్పుడు నాకు తట్టలేదు. లోడ్ ఎక్కువ ఉంది కదా అని 12 సర్వర్లను 20 చేశాను. ఇంకా నెమ్మదించింది. ఫైల్ సిస్టమ్ వేగానికి ఉన్న పరిమితి మొత్తం సర్వర్లన్నిటికీ కలిపి ఒకటే. పంచుకునేవాళ్లను పెంచితే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది.

కాల్‌లో ఇరవై మంది ఉన్నారు. మేడమ్ గొంతు వణుకుతోంది. "పేరెంట్స్ ఫోన్లు ఆగట్లేదు, ఎంతసేపు?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే కన్సల్టెంట్ అందుకున్నాడు. "పర్ఫార్మెన్స్ మోడ్ చూసుకోకుండా జనరల్ పర్పస్‌లో పెట్టారు మేడమ్. ఇన్ని సర్వర్లున్నప్పుడు మ్యాక్స్ ఐఓ పెట్టాలి. ఇది బేసిక్."

ఇరవై మంది ముందు ఆ మాట. తొమ్మిదేళ్లుగా సర్వర్లు చూస్తున్నాను, అంత చిన్నతనం ఎప్పుడూ అనిపించలేదు. పైగా వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నిజంగా అదే కారణమేమోనని నాకే అనుమానం వచ్చింది.

నన్ను కాపాడింది మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. "అన్నా, `PercentIOLimit` చూశారా? 6 శాతం కూడా లేదు" అని చాట్‌లో పెట్టాడు. జనరల్ పర్పస్ మోడ్‌కు సెకనుకు చేయగల ఆపరేషన్ల సంఖ్యకు ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దుకు ఎంత దగ్గరలో ఉన్నామో ఈ మెట్రిక్ చెబుతుంది. అది 100 దగ్గర ఉంటే కన్సల్టెంట్ మాటలో అర్థం ఉండేది. 6 దగ్గర ఉన్నప్పుడు మ్యాక్స్ ఐఓకి వెళ్తే ప్రతి ఆపరేషన్‌కూ పట్టే సమయం ఇంకా పెరుగుతుంది, లాభం ఏమీ ఉండదు. పైగా పర్ఫార్మెన్స్ మోడ్ ఒకసారి పెట్టాక మార్చడానికి వీల్లేదు. కొత్త ఫైల్ సిస్టమ్ తయారుచేసి 600 జీబీ కాపీ చేయాలి. అప్పుడున్న వేగంతో ఆ కాపీకి ఒక రోజు దాటేది, సైటు పూర్తిగా పడుకునేది.

ఆ పక్కనే `PermittedThroughput` గ్రాఫ్ ఉంది. సెకనుకు 2 ఎంబీ దగ్గర బల్లపరుపుగా ఉంది. `BurstCreditBalance` సున్నా. దాంతో విషయం మొత్తం అర్థమైంది.

మా ఫైల్ సిస్టమ్ బర్స్టింగ్ అనే థ్రూపుట్ మోడ్‌లో ఉంది. పర్ఫార్మెన్స్ మోడ్ వేరు, థ్రూపుట్ మోడ్ వేరు. మొదటిది ఆపరేషన్ల సంఖ్యకూ ఆలస్యానికీ సంబంధించింది, రెండోది సెకనుకు ఎంత డేటా పారుతుందన్నది. బర్స్టింగ్‌లో దాచిన ప్రతి జీబీకి సెకనుకు 50 కేబీ చొప్పున ఖాయమైన వేగం వస్తుంది. చదవడాన్ని మూడో వంతుగానే లెక్కేస్తారు కాబట్టి చదివేటప్పుడు దానికి మూడు రెట్లు. ఖాయమైన వేగం కన్నా తక్కువ వాడితే మిగిలింది క్రెడిట్‌గా జమవుతుంది. ఎక్కువ కావాల్సినప్పుడు ఆ క్రెడిట్ ఖర్చుపెట్టి, 1 టీబీ లోపు ఫైల్ సిస్టమ్ సెకనుకు 100 ఎంబీ దాకా వెళ్లొచ్చు. కొత్త ఫైల్ సిస్టమ్‌కు 2.1 టీబీ క్రెడిట్ ఇచ్చే మొదలుపెడతారు. అంతా బాగానే ఉంది కానీ, ఈ లెక్కలోకి వచ్చేది స్టాండర్డ్ స్టోరేజీలో ఉన్న డేటా మాత్రమే. ఐఏకి వెళ్లింది లెక్కలోకి రాదు.

ఇప్పుడు మా సంగతి. 600 జీబీ ఉన్నప్పుడు మా ఖాయమైన వేగం సెకనుకు దాదాపు 29 ఎంబీ. మామూలు రోజుల్లో మేం వాడేది సగటున 8. అందుకే క్రెడిట్ ఎప్పుడూ నిండుగానే ఉండేది. ఆదివారం రెండు నిమిషాలు 60 దాకా వెళ్లినా అర చెంచా తీసినట్టే. మంగళవారం రాత్రికి స్టాండర్డ్‌లో 40 జీబీయే మిగలడంతో ఖాయమైన వేగం 2 ఎంబీకి పడిపోయింది. వాడకం అదే 8. అంటే సెకనుకు 6 ఎంబీ చొప్పున క్రెడిట్ కరిగిపోతోంది. రోజుకు దాదాపు 506 జీబీ. 2.1 టీబీ అంటే 2,150 జీబీ, నాలుగు రోజుల మీద పావు రోజుకు సరిపోతుంది. మంగళవారం అర్ధరాత్రి నుంచి లెక్కేస్తే సరిగ్గా ఆదివారం తెల్లవారుజామున ఖాళీ.

బుధవారం నుంచి శనివారం దాకా సైటు ఒక్క క్షణం కూడా నెమ్మదించలేదు. అందుకే మంగళవారం మార్పుకూ ఆదివారం దెబ్బకూ ఎవరూ ముడిపెట్టలేదు. ఇక ఆ ఉదయం లెక్క చూడండి. 4,000 పేపర్లు కలిపి 20 జీబీ. చదవడం కాబట్టి మూడో వంతు, అంటే 6,700 ఎంబీ దాకా లెక్కలోకి వస్తుంది. సెకనుకు 2 ఎంబీ చొప్పున పేపర్లు అందడానికే దాదాపు గంట. పరీక్షేమో మూడు గంటలు.

థ్రూపుట్ మోడ్ అయితే నడుస్తున్న ఫైల్ సిస్టమ్‌లోనే మార్చొచ్చు, మౌంట్ తీయక్కర్లేదు. 9:50కి ఈ కమాండ్ ఇచ్చాను.

```
aws efs update-file-system --file-system-id fs-xxxx \
  --throughput-mode provisioned \
  --provisioned-throughput-in-mibps 128
```

కొన్ని నిమిషాల్లో `D` స్టేట్‌లు విడిపోయాయి, లోడ్ దిగింది. టెస్ట్ సాయంత్రానికి వాయిదా వేసి మళ్లీ పెట్టాం. కానీ టెన్షన్‌లో 128 అని కొట్టేశాను. మాకు 64 చాలు. ప్రొవిజన్డ్‌లో వాడినా వాడకపోయినా అడిగినంతకు డబ్బు కట్టాలి. ఒకసారి పెట్టాక 24 గంటల దాకా తగ్గించడానికీ వీల్లేదు, వేరే మోడ్‌కు వెళ్లడానికీ వీల్లేదు. పెంచడానికి మాత్రం అడ్డు లేదు. అందుకని చిన్న అంకెతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లండి. సోమవారం దాన్ని 64కి దించాను.

ఎలాస్టిక్ మోడ్ కూడా ఉంది. అందులో ముందే అంకె చెప్పక్కర్లేదు, పారిన డేటాకు కడితే చాలు. ఎప్పుడో ఒకసారి ఎగిరి మిగతా కాలమంతా ఖాళీగా ఉండే పనులకు అది నయం. సగటు వాడకం గరిష్ఠంలో 5 శాతం దాటితే ప్రొవిజన్డ్ చూడమని ఏడబ్ల్యూఎస్ డాక్యుమెంట్లే చెబుతాయి. మాకు 60లో 8, అంటే 13 శాతం. ఇంకో సంగతి, మ్యాక్స్ ఐఓలో పెట్టిన ఫైల్ సిస్టమ్‌కు ఎలాస్టిక్ దొరకదు. కన్సల్టెంట్ మాట విని ఉంటే ఆ దారి కూడా మూసుకుపోయేది.

మేం చివరికి పాత పద్ధతికే వెళ్లాం. లైఫ్‌సైకిల్ పాలసీ తీసేసినంత మాత్రాన ఐఏలో ఉన్న ఫైళ్లు వెనక్కి రావు. మొదటిసారి చదవగానే స్టాండర్డ్‌కు వచ్చేలా వేరే పాలసీ పెట్టాలి.

```
aws efs put-lifecycle-configuration --file-system-id fs-xxxx \
  --lifecycle-policies TransitionToPrimaryStorageClass=AFTER_1_ACCESS
```

తర్వాత బుధవారం రాత్రి ప్రతి ఫైలునూ ఒకసారి చదివించాం. `ls` కొడితే సరిపోదు, పేర్లు చూడడం చదవడం కింద లెక్కకు రాదు. అందుకే `find` తో ప్రతి ఫైలుకూ `cat` నడిపాం. ఐఏ నుంచి చదివినందుకు జీబీకి ఇంత అని ఛార్జీ పడింది. తెల్లారేసరికి `ValueInStandard` మళ్లీ 600 జీబీ దగ్గరికి వచ్చింది. గురువారం బర్స్టింగ్‌కు మారాం.

ఇప్పుడు రెండు అలారమ్‌లు పెట్టాను. `BurstCreditBalance` 1.5 టీబీ కన్నా దిగితే ఒకటి, `PermittedThroughput` లో 80 శాతం వాడకం దాటితే ఇంకొకటి. మొదటిది ఉండి ఉంటే గురువారమే మోగేది. ఖర్చు తగ్గించే సలహా ఇచ్చేవాళ్ల చేత, తగ్గించాక వేగం ఎంత అవుతుందో కూడా అదే కాగితం మీద రాయించుకుంటానని మేడమ్‌కు చెప్పాను. ఆవిడ ఒప్పుకున్నారు.

శనివారానికి క్రెడిట్ పూర్తిగా నిండింది. నిన్న 9 గంటలకు ఆ కుర్రాడూ నేనూ ఒకే స్క్రీన్ ముందు కూర్చున్నాం. గ్రాఫ్ 60 దాకా లేచింది, క్రెడిట్ 3 జీబీ చిల్లర తగ్గింది, 9:06కి మళ్లీ నిండిపోయింది.