మరచిపోయిన ఆరు ఖాతాలు
నిన్న ఆదివారం మధ్యాహ్నమంతా సీతమ్మధారలోని మా ఇంట్లో కూర్చొని, ఇంజినీరింగ్ రోజుల్లో నెట్ సెంటర్‌లో తెరిచిన పాత ఈమెయిల్‌ను తిరగేశాను. "welcome", "verify" అనే మాటలతో వెతికితే నేను పూర్తిగా మరచిపోయిన ఆరు ఖాతాలు బయటపడ్డాయి. ఆర్కుట్ 2014లోనే మూతపడింది కనుక దానితో పని లేకపోయింది. ఒక ఫొటోల సైట్‌లోకి పాస్‌వర్డ్ మార్చుకొని వెళ్లి చూస్తే, ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు పట్టుకున్న నా ఫొటో, దాని కింద నా ఫోన్ నంబరు ఇప్పటికీ అందరికీ కనిపిస్తున్నాయి. అక్కడ "Deactivate" నొక్కితే ఖాతా దాగుతుందే తప్ప పోదు. "Delete" వేరే పేజీలో ఉంది, అదీ 30 రోజుల గడువుతో. పోయిందో లేదో చూద్దామని ఆలోపు లాగిన్ అయితే తొలగింపు రద్దవుతుంది కాబట్టి, నా ఆత్రం తెలిసినవాణ్ణి కనుక, ఆ తేదీని గోడ క్యాలెండర్‌లో రాసిపెట్టాను. పాస్‌వర్డ్ లింకులన్నీ ఆ ఈమెయిల్‌కే వస్తాయి, దాన్ని మాత్రం అన్నిటికన్నా చివర మూస్తాను.