నలుగురం ఒకే షీట్‌లో టిక్కులు పెట్టుకున్న తీరు: నా అనుభవం

ఒక చిన్న గ్రంథాలయంలోని 600 పుస్తకాలను జాబితాతో సరిచూసే పనిని నలుగురం పంచుకున్నాం. ఒక్కొక్కరు ఒక్కో అలమర దగ్గర నిలబడి, ఎవరి ఫోన్‌లో వారు ఒకే జాబితాను తెరిచి, కనబడిన పుస్తకానికి ఎదురుగా టిక్ పెట్టుకుంటూ పోవాలన్నది ఆలోచన. జాబితాను గూగుల్ షీట్స్‌లో పెట్టే బాధ్యత నాకు వచ్చింది. ఒకరు పెట్టిన టిక్‌ను మరొకరు చెరపకుండా చూడాలన్నదే అందరూ నాకు చెప్పిన ఒకే ఒక షరతు.

పని మొదలుపెట్టే ముందు, అసలు చెరిగిపోవడం ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవాలనుకున్నాను. ఒక పరీక్ష షీట్‌ను రెండు వేర్వేరు ఖాతాలతో, రెండు బ్రౌజర్లలో పక్కపక్కన తెరిచి చూశాను. ఒక కిటికీలో ఒక గడిని, రెండో కిటికీలో మరొక గడిని ఒకేసారి మార్చినప్పుడు రెండు మార్పులూ నిలిచాయి. ఫైలును మెయిల్‌లో పంపించుకుంటూ ఎవరి ప్రతిలో వారు దిద్దుకునే పద్ధతిలో ఉండే భయం ఇక్కడ లేదు, ఎందుకంటే ఇక్కడ సేవ్ అయ్యేది మొత్తం ఫైలు కాదు, మారిన గడి మాత్రమే. ఇద్దరూ ఒకే గడిని మార్చినప్పుడు మాత్రం చివరగా చేరిన మార్పే మిగులుతుంది.

చెక్‌బాక్స్ విషయంలో ఈ నియమం మరీ ఇబ్బంది పెడుతుంది. Insert మెనూలోని Checkbox ద్వారా పెట్టిన గడిలో నిజానికి ఉండేది TRUE లేదా FALSE అనే విలువ; నొక్కిన ప్రతిసారీ అది తిరగబడుతుంది. మా పనిలో ఇది ఎలా తగులుతుందో ఒక పుస్తకాన్ని తీసుకుని ఊహించాను. మూడో అలమరకు చెందిన పుస్తకం ఒకటి మొదటి అలమరలో దొరికిందనుకుందాం. దాన్ని చూసినవారు టిక్ పెట్టి, పుస్తకాన్ని దాని అసలు చోటికి చేర్చేస్తారు. కాసేపటికి మూడో అలమర చూస్తున్నవారికి అది కనబడుతుంది; వారు అలవాటుగా దాని పెట్టెను నొక్కుతారు, టిక్ పోతుంది. పుస్తకాన్ని ఇద్దరు కళ్లారా చూశారు, కానీ జాబితా మాత్రం అది లేదంటుంది. జాగ్రత్తగా నొక్కండని అందరికీ చెప్పి ఊరుకోవచ్చు గానీ, వందల వరుసలు చూసే మనిషి దగ్గర ఆ మాట ఎంతసేపు నిలుస్తుందో నాకు నమ్మకం లేదు.

అందుకే ఒకే టిక్ కాలమ్ అన్న ఆలోచన వదిలేసి, మనిషికొక కాలమ్ ఇచ్చాను. A కాలమ్‌లో గ్రంథాలయం ప్రతి పుస్తకానికీ ఇచ్చే అక్సెషన్ నంబరు, Bలో పుస్తకం పేరు, Cలో అలమర, D నుంచి G వరకు మా నలుగురి పేర్లతో నాలుగు చెక్‌బాక్స్ కాలమ్‌లు, Hలో మొత్తం. H2లో ఈ సూత్రం రాసి చివరి వరుస వరకు కిందికి లాగాను:

```
=COUNTIF(D2:G2,TRUE)
```

ఇక్కడ COUNTA వాడితే లెక్క తప్పుతుంది, ఎందుకంటే టిక్ లేని పెట్టెలోనూ FALSE అనే విలువ ఉంటుంది కాబట్టి ప్రతి వరుసకూ 4 అనే చూపిస్తుంది. H లో 0 ఉంటే పుస్తకాన్ని ఇంకా ఎవరూ చూడలేదని, 1 ఉంటే దొరికిందని, 2 ఉంటే ఇద్దరికి కనబడిందని అర్థం. పైన చెప్పిన పుస్తకం ఇప్పుడు మాయమవడానికి బదులు 2 అని కనబడుతుంది. వరుస మొత్తం ఆకుపచ్చగా మారేలా Format మెనూలోని Conditional formatting లో ఈ షరతు కూడా పెట్టాను. ఫోన్ తెరమీద అంకెకన్నా రంగు తొందరగా తెలుస్తుంది:

```
=$H2>0
```

తర్వాత చేయవలసింది, ఒకరి కాలమ్‌లో మరొకరి వేలు పడకుండా చూడటం. Data మెనూలోని Protect sheets and ranges లోకి వెళ్లి, D నుంచి G వరకు ఒక్కో కాలమ్‌ను విడిగా ఎంచుకుని, దాన్ని మార్చే హక్కు ఆ కాలమ్ మనిషికి మాత్రమే ఇచ్చాను. A, B, C, H లను నాకు మాత్రమే ఉంచుకున్నాను. ఈ రక్షణ ఖాతాలను బట్టి పనిచేస్తుంది కాబట్టి, లింకు ఉన్నవారెవరైనా మార్చవచ్చు అన్న పద్ధతిలో షీట్‌ను పంచితే ఎవరెవరో గుర్తించే వీలుండదు. ముగ్గురి మెయిల్ చిరునామాలనూ విడివిడిగా చేర్చాను. షీట్ యజమానిని ఈ రక్షణ ఆపదు, అంటే నా చేయి మాత్రం ఎక్కడైనా పడగలదు. నా ఫోన్‌లో నేను మరో ఖాతాతో తెరిచి టిక్కులు పెట్టడానికి కారణం అదే.

A, B, C లకు వేసిన తాళం వల్ల ఇంకో పెద్ద చిక్కు తప్పింది. నన్నడిగితే, పంచుకున్న షీట్లలో గందరగోళానికి టిక్కులకన్నా ఎక్కువ కారణం సార్టింగ్. ఒకరు పేర్ల క్రమంలో సార్ట్ చేస్తే అందరి తెరలమీదా వరుసలు కదులుతాయి. సరిగ్గా అప్పుడే నొక్కబోతున్న వేలి కిందికి వేరే పుస్తకం వస్తుంది. మామూలు ఫిల్టర్ కూడా అంతే, ఒకరు దాచిన వరుసలు అందరికీ దాగిపోతాయి. రక్షణలో ఉన్న గడులు కలిసి ఉన్న వరుసలను, హక్కు లేనివారు సార్ట్ చేయబోతే షీట్ ఒప్పుకోదు. తన అలమర పుస్తకాలే కనబడాలనుకునేవారి కోసం Data మెనూలోని Create filter view తో అలమరకొక వీక్షణ చేసి పెట్టాను. అందులో వడకట్టినా, సార్ట్ చేసినా మిగతావారి తెర కదలదు.

పని మధ్యలో ఒక పుస్తకం టిక్ పోయిందని ఒకరు అన్నారు. ఆ గడిమీద కుడి మీట నొక్కి Show edit history తెరిస్తే, దాన్ని ఎవరు, ఎప్పుడు మార్చారో కనబడింది: టిక్ పెట్టినవారే కాసేపటికి మళ్లీ నొక్కారు. పేజీని కిందికి జరుపుతుండగా తగిలి ఉంటుంది. పెట్టెను మళ్లీ నొక్కితే సరిపోయింది. ఇలాంటి సమయంలో Version history లోకి వెళ్లి పాత రూపాన్ని పునరుద్ధరించాలని ఎవరికైనా అనిపించవచ్చు, కానీ అలా చేస్తే మొత్తం షీట్ వెనక్కి పోతుంది, ఆ తర్వాత మిగతా ముగ్గురు పెట్టిన టిక్కులు కూడా పోతాయి. నిజంగా పాత రూపం అవసరమైతే Make a copy తో దాని నకలు తీసుకుని, కావలసిన కాలమ్ విలువలను మాత్రమే అక్కడినుంచి తెచ్చుకోవాలి. Ctrl+Z తో అంత ప్రమాదం లేదు. అది నొక్కినవారి మార్పులనే వెనక్కి తీస్తుంది.

ఒక మూల అలమర దగ్గర నెట్ అందేది కాదు. అక్కడ పనిచేసినవారి ఫోన్‌లో ముందే ఆఫ్‌లైన్ వాడుకను అనుమతించి పెట్టడం వల్ల, వారి టిక్కులు ఫోన్‌లోనే ఉండి, సిగ్నల్ రాగానే షీట్‌లో చేరాయి. ఆలస్యంగా వచ్చిన ఆ మార్పులు ఎవరి పని మీదా పడలేదు, ఎందుకంటే ఆ కాలమ్‌లో మరెవరూ రాయలేదు. అయితే అవి చేరేవరకు H లోని మొత్తం నిజం చెప్పదు కాబట్టి, వారు బయటికి వచ్చాకే 0 ఉన్న వరుసలను వడకట్టి, లేని పుస్తకాల జాబితాగా తీసుకున్నాం.

మనుషులు నలుగురైదుగురు అయినంతవరకే ఈ అమరిక హాయిగా ఉంటుంది. ఇరవైమంది ఉంటే ఫోన్‌లో తన కాలమ్ వెతుక్కోవడమే ఒక పని అవుతుంది. అప్పుడు గూగుల్ ఫారమ్‌లో అక్సెషన్ నంబరు నింపించడం మేలని నా అభిప్రాయం. ప్రతి సమాధానమూ కొత్త వరుసగా చేరుతుంది, ఆ నంబరు అక్కడ ఎన్నిసార్లు వచ్చిందో అసలు జాబితా పక్కన COUNTIF తో లెక్కించుకోవచ్చు.