నొప్పి లేదంటే వెనక్కి పంపేశారు: నా అరికాలి పుండు కథ

కాలికి కట్టు కట్టించుకుని నిన్ననే ఇంటికొచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు, కాబట్టి ఇది కాస్త ఘాటుగా ఉంటే ఏమీ అనుకోకండి.

నాకు షుగర్ వచ్చి 14 ఏళ్లు. ఒకరోజు సాక్సు విప్పితే బొటనవేలి కింద భాగంలో పసుపు మరక కనిపించింది. అరికాలు మనకి కనపడదు కదా, ఫోన్ కింద పెట్టి ఫోటో తీశాను. అక్కడ ఎప్పటినుంచో ఉన్న ఆనెకాయ, దాని నడుమ నల్లటి చుక్క, అంతే. నొప్పి అసలు లేదు. ఫోటో ఆసుపత్రికి పంపితే "చిన్నదే, ఆయింట్‌మెంట్ రాయండి, వచ్చే వారం రండి" అని జవాబు వచ్చింది.

మరుసటి రోజు మనసు ఆగక నేనే వెళ్లాను. అసలు గొడవ అక్కడే. కౌంటర్లో ఉన్నాయన అడిగిన మొదటి ప్రశ్న, నొప్పి పదిలో ఎంత? సున్నా అన్నాను. జ్వరం? లేదన్నాను. "మరి ఆనెకాయ కోసం ఇంతమందిని దాటించి లోపలికి పంపమంటారా?" అని అందరికీ వినపడేలా అన్నాడు. వెనక నిలబడ్డవాళ్లలో ఒకరు నవ్వారు కూడా. తలదించుకుని ఇంటికొచ్చేశాను. ఆ సిగ్గువల్ల ఇంకో రెండు రోజులు పోయాయి.

ఆ సున్నానే ప్రమాదమని తర్వాత తెలిసింది. షుగర్‌తో నరాలు మొద్దుబారిన కాలికి మేకు దిగినా తెలియదు. మామూలు మనిషైతే నొప్పికి కుంటుతూ పుండు మీద బరువు పడకుండా నడుస్తాడు. నేనేమో దాన్నే తొక్కుకుంటూ రోజంతా తిరిగాను. జ్వరం లేకపోవడమూ ధైర్యం చెప్పే సంగతి కాదట, లోపల ఇన్ఫెక్షన్ బాగా ముదిరినా ఒళ్లు వెచ్చబడకపోవచ్చు.

మూడో రోజు మా తమ్ముడి భార్య చూసింది, ఆమె నర్సు. "బావగారూ, ఫ్లాష్ తీసేసి పగటి వెలుతురులో తీయండి, పక్కన స్కేలు పెట్టండి, రెండు పాదాలూ ఒకే ఫోటోలో రావాలి" అంది. నా చామనఛాయకి ఎరుపు ఫోటోలో ఎరుపులా కనపడదు, చర్మం కాస్త నల్లబడి నిగనిగలాడుతుంది. రెండో పాదం పక్కనుంటేనే ఆ తేడా తెలిసింది. చేతి వెనక భాగంతో తాకితే ఆ చోటు రెండో కాలికన్నా వేడిగా ఉంది, ఇది ఏ ఫోటోలోనూ రాదు. వాసన కూడా రాదు. ఆ నలుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసిపెట్టాలన్న ఆలోచన మాత్రం నాదే, గొప్ప చెప్పుకుంటున్నా పర్లేదు. సాయంత్రానికి నలుపు గీత దాటేసింది.

ఈసారి ఫోటోతో పాటు నాలుగు ముక్కలు రాసి వేరే ఆసుపత్రికి పంపాం: 14 ఏళ్ల షుగర్, అరికాలికి స్పర్శ లేదు, మూడు రోజుల క్రితం కనపడిన కొత్త పుండు, చుట్టూ రంగు మార్పు 2 సెంటీమీటర్లు దాటింది. అరగంటలో ఫోన్ చేసి వెంటనే రమ్మన్నారు. నొప్పి గురించి అడగనే లేదు. మీరు కూడా ఒట్టి ఫోటో పంపకండి, చూసేవాళ్లకి స్పర్శ లేని కాలు కూడా మామూలు కాలులాగే కనిపిస్తుంది.

లోపల డాక్టరమ్మ బ్లేడుతో ఆనెకాయను పొరలు పొరలుగా చెక్కింది. మత్తు ఇవ్వలేదు, అవసరం పడలేదు. పైన మిరియపు గింజంత కనిపించిన చుక్క కింద బొటనవేలు దూరేంత గుంట ఉంది, చీము కారింది. సన్నటి లోహపు పుల్ల లోపలికి పెట్టి మెల్లగా నొక్కి ఆగిపోయింది. "గట్టిగా తగులుతోంది, ఎముక" అంది. పుండున్న కాలిలో పుల్ల ఎముకకి తగిలిందంటే ఎముకకీ ఇన్ఫెక్షన్ పాకిందని గట్టిగా అనుమానించాలట. ఎక్స్‌రే బాగానే వచ్చిందని నేను సంబరపడబోతే, మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో తేడా కనపడకపోవచ్చు అంది. ఎంఆర్ఐలో బయటపడింది.

మిగతాదంతా మామూలే: కాలికి రక్తం సరిగ్గా అందుతోందో చూశారు, గుంట శుభ్రం చేశారు, ఎముక ముక్క పరీక్షకి పంపారు, ఆరు వారాల యాంటిబయాటిక్స్ రాశారు. వేలు ఉంచగలమో లేదో ఇంకా చెప్పలేమన్నారు. మందులకన్నా బరువు పడకుండా ఉండటమే ముఖ్యమని, నడిస్తే ఎంత ఖరీదైన మందైనా దండగేనని తిట్టినంత పని చేసింది.

బయల్దేరేముందు మొదటి ఫోటో చూపించాను. దాన్ని పెద్దది చేసి ఆ నల్లచుక్క చూపించింది. ఆనెకాయ కింద రక్తం గడ్డకడితే అలాగే కనపడుతుందట. అంటే మొదటి రోజే అది ఫోటోలో ఉంది.

ఇప్పుడు కుడికాలు కట్టులో ఉంది. రోజూ పొద్దున ఎడమ అరికాలి ఫోటో మా ఆవిడ తీస్తోంది, వేళ్ల సందులు కూడా వదలకుండా.