సీసాల ఫోర్‌కాస్ట్ నాకు నేర్పింది

గుంటూరు దగ్గర పచ్చళ్ల కంపెనీలో పర్చేజ్ చూస్తాను. మాకు పెట్ ప్లాస్టిక్ సీసాలు చేసి ఇచ్చే చిన్న ఫ్యాక్టరీకి ప్రతి నెలా 25న రాబోయే ఆరు నెలల అంచనా పంపడం నా పని. నెల గడిస్తే ఒక నెల రాలిపోతుంది, చివర కొత్త నెల చేరుతుంది. వినడానికి ఇంతే. కుదురుకోవడానికి మాత్రం రెండు సీజన్లు పట్టింది.

మొదటి ఏడాది సేల్స్ వాళ్లు ఇచ్చిన అంకెలనే ఎక్సెల్‌లో పెట్టి పంపేశాను. అరకిలో సీసాలు మే, జూన్ నెలలకు చెరో 1,60,000 అని రాశాను. తీసుకున్నది నెలకు 90,000. ఒక్కో సీసా 32 గ్రాములు, అంటే మిగిలిన 1,40,000 సీసాలకు కొన్న ముడిసరుకు, దాదాపు నాలుగున్నర టన్నుల ప్లాస్టిక్ రెసిన్, ఆ ఫ్యాక్టరీ ఓనర్ గోడౌన్‌లో ఉండిపోయింది. ఆలోపు రెసిన్ ధర దిగింది. "మీ కాగితం చూసే కొన్నాను సార్, ఇప్పుడది ఉత్త అంచనా అంటున్నారు" అన్నాడాయన. నా దగ్గర జవాబు లేదు.

అసలు దెబ్బ మరుసటి ఏడాది తగిలింది. జూలైలో అమెరికా వెళ్లే పిల్లల సూట్‌కేసుల్లోకి పచ్చళ్లు ఎక్కే రోజులు అవి. ఈసారి అంకె సరైనదే, కానీ ఆయన నమ్మలేదు, మూడోవంతు కోసేసి రెసిన్ కొన్నాడు. సీసాలు లేక మా ప్యాకింగ్ లైన్ నాలుగు రోజులు ఆగింది. తప్పు ఆయనదని నేననలేను.

అప్పుడు ఆయన ఫ్యాక్టరీలోనే కూర్చుని మాట్లాడుకున్నాం. నేను పంపాల్సింది అమ్మకాల అంకె కాదని, సీసాల అంకె అని అక్కడే అర్థమైంది. ఉదాహరణకు ఒక నెల ప్యాకింగ్ 1,00,000. ఒక శాతం తరుగు కలిపితే 1,01,000. నెలాఖరుకు పది రోజుల నిల్వగా 33,000 ఉండాలి. చేతిలో ఖాళీ సీసాలు 22,000, ఇప్పటికే ఆర్డర్ పెట్టి రావాల్సినవి 15,000. కూడి తీసేస్తే కావలసింది 97,000. అది ఆయనకు 3,104 కిలోల రెసిన్, రోజుకు 20,000 చొప్పున ఐదు రోజుల మెషీన్ పని. ఆయనకు కావలసింది ఈ కిలోలు, ఈ రోజులే. ఇంకోటి, ఆవకాయ కలిపేది ఎండాకాలంలో అయినా సీసా కావలసింది నింపే నెలలో. జాడీల్లో, డ్రమ్ముల్లో ఊరుతున్న పచ్చడికి సీసా అక్కర్లేదు కదా.

తర్వాత ఆరు నెలలను మూడు ముక్కలు చేశాం. మొదటి నెల ఖాయం, అది ఆర్డరే. రెండు, మూడు నెలల అంకెను చూసి ఆయన రెసిన్ కొనొచ్చు. మేం తీసుకోకపోతే ధర తేడా మాది. రెసిన్ వేరే కస్టమర్‌కూ పనికొస్తుంది కాబట్టి మొత్తం ఖరీదు మామీద వెయ్యడం న్యాయం కాదని వాదించాను, ఒప్పుకున్నాడు. సీసా అడుగున మా గుర్తు పడితే మాత్రం ఇంకెవరికీ అమ్మలేడు, అందుకే తయారైన సరుకు పూర్తిగా మా బాధ్యత. నాలుగు నుంచి ఆరు నెలలకు సైజులవారీగా రాయడమే మానేశాం. పావుకిలో ఎంత, అరకిలో ఎంత అని అంత ముందుగా చెబితే తప్పడం ఖాయం, మొత్తం ఎన్ని టన్నులన్నది అంతగా తప్పదు. రెసిన్ అన్నిటికీ ఒకటే, సైజు మారేది మోల్డ్ దగ్గరే. మోల్డ్ మార్చడానికి ఆయనకు ఒక షిఫ్టు పోతుంది, అది నెల ముందు తెలిస్తే చాలు.

షీట్‌లో ఒక కాలమ్ కొత్తగా పెట్టాను: పోయిన నెల చెప్పింది, ఇప్పుడు చెబుతున్నది, తేడా ఎందుకు. ఆయన ముందు చదివేది అదే. ఆర్నెల్ల పాటు, మూడు నెలల ముందు చెప్పిన అంకెను నిజంగా తీసుకున్నదానితో పోల్చి చూశాను. ప్రతి నెలా మాదే ఎక్కువ, సుమారు 15 శాతం. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయితే అంచనా తప్పింది అనుకోవచ్చు. ఎప్పుడూ ఒకే వైపు తప్పితే అది సేల్స్ వాళ్ల భయం, సరుకు లేదనిపించుకోకూడదని కలిపే అంకె. ఆ లెక్క వాళ్ల ముందు పెట్టాక కాస్త గొడవైంది, తర్వాత ఆ కలపడం తగ్గింది.

పోయిన సీజన్‌లో సీసాలకు ఆగలేదు. ఆగింది మూతలకు. అవి చేసేది ఇంకో సప్లయర్, ఆయనకు ఏ షీటూ పంపలేదు నేను. ఈ 25 నుంచి ఆయనకూ వెళుతోంది.